లాగింగ్ లోడుకు కెపాసిటర్ ఎంపిక: పేరు పలక మీది కేవీఏఆర్, తీగల్లోకి వచ్చే కేవీఏఆర్

మిర్యాలగూడ చుట్టుపక్కల గానీ, గోదావరి జిల్లాల్లో గానీ కనిపించే ఒక చిన్న రైస్ మిల్లును ఉదాహరణగా తీసుకుందాం. దానికి 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 415 వోల్టుల, 50 హెర్ట్జ్, మూడు ఫేజుల సరఫరా అందుతోంది. 50 హెచ్‌పీ ప్రధాన మోటారుతో పాటు ఎలివేటర్లకూ బ్లోయర్లకూ చిన్న మోటార్లు ఉన్నాయి. మిల్లు నిండుగా ఆడుతున్నప్పుడు మీటరు 45 కిలోవాట్లనూ, 0.72 లాగ్ పవర్ ఫ్యాక్టర్‌నూ చూపుతోందనుకుందాం. దీన్ని 0.95కు తేవాలి. దుకాణానికి వెళ్లి ఏ కెపాసిటర్ అడగాలన్నది ప్రశ్న. చాలాచోట్ల దీనికి జవాబు అలవాటుగా వచ్చేస్తుంది: ఇన్ని హార్స్‌పవర్లకు ఇన్ని కేవీఏఆర్, అంటే రియాక్టివ్ పవర్ కొలతలో ఇంత కెపాసిటర్ అని. ఆ లెక్క కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు సగం పని చేస్తుంది, కొన్నిసార్లు మోటారుకే ముప్పు తెస్తుంది. తేడా ఎక్కడ వస్తుందో అంకెలతో చూడటమే ఈ వ్యాసం పని.

రెండు కరెంట్లు

ఇండక్షన్ మోటారు తిరగాలంటే దానిలో అయస్కాంత క్షేత్రం ఏర్పడాలి. ఆ క్షేత్రం కోసం మోటారు లాగే కరెంటు షాఫ్టు మీద పని చేయదు. ప్రతి సైకిల్‌లోనూ శక్తిని తీసుకుని మళ్లీ తిరిగి ఇచ్చేస్తుంది, కానీ ఆ రాకపోకలన్నీ తీగల మీదుగా, ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా జరుగుతాయి. పని చేసే కరెంటు వోల్టేజీతో కలిసి నడుస్తుంది; అయస్కాంతానికి పోయే రియాక్టివ్ కరెంటు వోల్టేజీకి 90 డిగ్రీలు వెనుక నడుస్తుంది. మన మిల్లులో మొదటిది 62.6 ఆంపియర్లు, రెండోది 60.3 ఆంపియర్లు. ఈ రెండింటినీ మామూలుగా కూడితే 123 వస్తుంది గానీ, వాటి మధ్య 90 డిగ్రీల ఎడం ఉంది కాబట్టి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. అలా చేస్తే క్లాంప్ మీటరులో కనిపించే 87 ఆంపియర్లు వస్తాయి. 433 వోల్టుల సెకండరీ గల 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు 84 ఆంపియర్లే. అంటే ఈ మిల్లు 45 కిలోవాట్ల పనికే ట్రాన్స్‌ఫార్మర్‌ను హద్దు దాటిస్తోంది.

కెపాసిటర్ లాగే కరెంటు వోల్టేజీకి 90 డిగ్రీలు ముందు నడుస్తుంది. దాన్ని లోడుకు సమాంతరంగా కలిపితే, మోటారు శక్తిని తీసుకునే క్షణంలో కెపాసిటర్ ఇస్తుంది, మోటారు తిరిగి ఇచ్చే క్షణంలో కెపాసిటర్ తీసుకుంటుంది. ఆ రాకపోకలు ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోకుండా ఈ రెండింటి మధ్యే ముగుస్తాయి. సమాంతరంగా కలపడంలో మరో సౌలభ్యం ఉంది: మోటారుకు అందే వోల్టేజీని ఈ కలయిక పెద్దగా కదిలించదు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా పట్టుకోవాలి. కెపాసిటర్ పెట్టాక కూడా మోటారు తన వైండింగులోకి అదే కరెంటును లాగుతుంది. తగ్గేది కెపాసిటర్ కలిసిన చోటు నుంచి వెనక్కి, అంటే సరఫరా వైపు. క్లాంప్ మీటరును మోటారు కేబుల్ మీద పెట్టి "ఏమీ తగ్గలేదు" అనుకునేవారు కొలిచింది తప్పు చోట. కిలోవాట్లు కూడా, తీగల్లో వేడిగా పోయే కొద్దిపాటి నష్టాన్ని మినహాయిస్తే, తగ్గవు.

లెక్క

కావలసిన కెపాసిటర్‌ను పవర్ ఫ్యాక్టర్ల తేడాతో లెక్కించకూడదు. 0.95 నుంచి 0.72 తీసేసి, మిగిలిన 0.23ను 45తో హెచ్చిస్తే దాదాపు 10 వస్తుంది. ఈ పది కేవీఏఆర్ దేనికీ సరిపోదు. కిలోవాట్లను అడ్డ భుజంగా, కేవీఏఆర్‌ను నిలువు భుజంగా, కేవీఏను కర్ణంగా ఒక లంబకోణ త్రిభుజం గీస్తే, పవర్ ఫ్యాక్టర్ అన్నది అడ్డ భుజానికీ కర్ణానికీ మధ్య కోణపు కొసైన్; మనం తగ్గించాల్సింది ఆ త్రిభుజంలోని నిలువు భుజాన్ని. అడ్డ భుజమైన కిలోవాట్లు మారవు కాబట్టి నిలువు భుజానికీ అడ్డ భుజానికీ ఉన్న నిష్పత్తి, అంటే టాంజెంట్, మనకు కావాలి.

```
Qc = P × (tan φ1 − tan φ2)

cos φ1 = 0.72  →  tan φ1 = 0.964
cos φ2 = 0.95  →  tan φ2 = 0.329

Qc = 45 × (0.964 − 0.329) = 28.6 kVAr
```

మిల్లు ఇప్పుడు లాగుతున్న రియాక్టివ్ పవర్ మొత్తం 43.4 కేవీఏఆర్. అందులో 28.6ను కెపాసిటర్ మోస్తే సరఫరా నుంచి 14.8 మాత్రమే రావాలి. అప్పుడు కేవీఏ 62.5 నుంచి 47.4కు దిగుతుంది.

ఈ లెక్కలో P అన్నది కొలిచిన కిలోవాట్లు కావాలి. మోటారు పలక మీద 37 కిలోవాట్లని ఉంటే అది షాఫ్టు దగ్గర ఇచ్చే సామర్థ్యం. సరఫరా నుంచి తీసుకునేది ఎఫిషియెన్సీని బట్టి అంతకంటే ఎక్కువ, మోటారు సగం లోడులో ఉంటే చాలా తక్కువ. పలక మీది పవర్ ఫ్యాక్టర్ కూడా పూర్తి లోడుకు చెప్పినదే. లోడు తగ్గేకొద్దీ కిలోవాట్లు పడిపోతాయి గానీ అయస్కాంతానికి కావలసినది దాదాపు అలాగే ఉంటుంది, కాబట్టి పవర్ ఫ్యాక్టర్ బాగా దిగజారుతుంది. కరెంటు బిల్లులోని కిలోవాట్ అవర్లను కేవీఏ అవర్లతో భాగిస్తే వచ్చేది నెల సగటు. అందులో ఖాళీగా తిరిగిన గంటలూ, నిండుగా ఆడిన గంటలూ కలిసిపోయి ఉంటాయి. పరిస్థితిని తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, కెపాసిటర్ సైజును నిర్ణయించడానికి చాలదు. మిల్లు మామూలుగా నడుస్తున్నప్పుడు పవర్ మీటరుతో కొలిచిన విలువే ఆధారం కావాలి.

లక్ష్యాన్ని 1.0 అని ఎందుకు పెట్టుకోకూడదని కొందరు అడుగుతారు. మొదటి 28.6 కేవీఏఆర్‌తో మనకు 15 కేవీఏ కలిసివచ్చింది. 0.95 నుంచి 1.0కు వెళ్లడానికి మరో 14.8 కేవీఏఆర్ పెడితే కలిసివచ్చేది 2.4 కేవీఏ మాత్రమే. అంటే సగం సరుకుకు ఆరో వంతు ఫలితం. పైగా లోడు కొంచెం తగ్గగానే అటువైపు, అంటే లీడింగ్‌లోకి దాటిపోతుంది. కేవీఏ అవర్ల మీద బిల్లు వచ్చే కనెక్షనులో 0.98 దాకా వెళ్లడం గిట్టుబాటు కావచ్చు, అయితే ఆ చివరి మెట్లను లోడును బట్టి కలిపి తీసే ఏర్పాటు ఉన్నప్పుడే ఆ పని చేయాలని నా అభిప్రాయం.

పలక మీది అంకె

28.6 కావాలని తేలింది కాబట్టి 30 కేవీఏఆర్ కొంటే సరిపోతుందనిపిస్తుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. మన దగ్గర దొరికే ఎల్‌టీ కెపాసిటర్ల మీద సాధారణంగా 440 వోల్టులని రాసి ఉంటుంది. పక్కనే ఉన్న 30 కేవీఏఆర్ ఆ 440 వోల్టుల దగ్గర వచ్చేది. కెపాసిటర్ ఇచ్చే కేవీఏఆర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 415ను 440తో భాగించి వర్గం చేస్తే 0.89 వస్తుంది, అంటే 30 కేవీఏఆర్ పలక గలది 415 వోల్టుల దగ్గర ఇచ్చేది 26.7 మాత్రమే. దానితో మన మిల్లు 0.938 దగ్గర ఆగిపోతుంది, 0.95కు చేరదు.

కాబట్టి 28.6ను 0.89తో భాగించాలి. 32.1 వస్తుంది. దొరికే సైజుల్లో దానికి పైన 35 తీసుకుంటే 415 వోల్టుల దగ్గర 31.1 కేవీఏఆర్ వస్తుంది, పవర్ ఫ్యాక్టర్ 0.965 అవుతుంది, సరఫరా కరెంటు 87 నుంచి 65 ఆంపియర్లకు దిగుతుంది. ఆ సమయంలో కెపాసిటర్ల కేబుల్‌లో 43 ఆంపియర్లు పారుతూ ఉంటాయి. 87లోంచి 43 తీసేస్తే 44 కావాలి కదా అనిపించవచ్చు. కానీ 43 తీసివేసేది 60.3 ఆంపియర్ల రియాక్టివ్ భాగంలోంచే. మిగిలిన 17కూ 62.6కూ వర్గాలు కూడి మూలం తీస్తేనే 65 వస్తుంది.

లైను చివరన ఉండి పగలు 380 వోల్టులే అందే మిల్లులో ఇదే 35 కేవీఏఆర్ బ్యాంకు 26 మాత్రమే ఇస్తుంది. అవసరం ఎక్కువగా ఉన్న వేళకే అది బలహీనపడుతుంది. రాత్రి లోడు తగ్గి వోల్టేజీ 450కి పెరిగితే 36.6కు ఎగబాకుతుంది. అందుకే లెక్క వేసేముందు ఒక రోజంతటి వోల్టేజీని చూసి పెట్టుకోవాలి. ఐఈసీ 60831 ప్రమాణం ప్రకారం కెపాసిటర్ తన రేటెడ్ వోల్టేజీకి 10 శాతం ఎక్కువను 24 గంటల్లో 8 గంటల వరకు తట్టుకోవాలి. అది అప్పుడప్పుడు వచ్చే పెరుగుదల కోసం ఇచ్చిన వెసులుబాటు. రోజూ దాని మీద ఆధారపడితే ఆయుష్షు తరిగిపోతుంది.

మైక్రోఫారడ్‌లలో కావాలంటే, డెల్టాగా కలిపిన మూడు ఫేజులకు ఈ సూత్రం:

```
C = Qc / (3 × 2π f × V²)
  = 28600 / (3 × 314.16 × 415²)
  ≈ 176 µF (ఒక్కో ఫేజుకు)
```

ఇదే పనిని స్టార్‌గా చేయాలంటే ఒక్కో ఫేజుకు మూడు రెట్లు, అంటే 528 మైక్రోఫారడ్‌లు కావాలి. మూడు ఫేజుల ఎల్‌టీ కెపాసిటర్లను లోపలే డెల్టాగా కలిపి అమ్మడం ఇందుకే.

ఎక్కడ కలపాలి

35 కేవీఏఆర్ మొత్తాన్నీ 50 హెచ్‌పీ మోటారు టెర్మినళ్ల మీద నేరుగా బిగించేయవచ్చా? కూడదు. సరఫరా తెగినా మిల్లు చక్రాలు వెంటనే ఆగవు. బరువైన పుల్లీలూ బెల్టులూ మోటారును కొంతసేపు తిప్పుతూనే ఉంటాయి. అలా తిరుగుతున్న ఇండక్షన్ మోటారుకు కెపాసిటర్ అంటుకుని ఉంటే, అయస్కాంతానికి కావలసిన కరెంటు అక్కడి నుంచి దొరికి, మోటారు జనరేటరుగా మారుతుంది. కెపాసిటర్ అవసరానికి మించితే ఆ వోల్టేజీ రేటెడ్ విలువను దాటగలదు. అదే సమయంలో సరఫరా తిరిగి వచ్చి ఫేజు కలవకపోతే షాఫ్టు మీదా కప్లింగు మీదా పెద్ద దెబ్బ పడుతుంది. దీన్నే సెల్ఫ్ ఎక్సైటేషన్ అంటారు.

దీనికి పాటించే హద్దు సులువైనది. మోటారును లోడు లేకుండా తిప్పి కరెంటు కొలవాలి. ఆ కరెంటు దాదాపు అంతా అయస్కాంతానికి పోయేదే. అది 24 ఆంపియర్లు వచ్చిందనుకుంటే 17.2 కేవీఏఆర్ అవుతుంది. అందులో 90 శాతం, అంటే 15.5 కంటే ఎక్కువ ఆ మోటారుకు కట్టకూడదు. కాబట్టి 15 కేవీఏఆర్ ప్రధాన మోటారుకు, మిగిలిన 20 మెయిన్ ప్యానెల్ దగ్గరకు పంచుతాను.

50 హెచ్‌పీ మోటారుకు స్టార్ డెల్టా స్టార్టర్ ఉండటం మామూలు. కెపాసిటర్‌ను మోటారు లీడ్ల మీద బిగిస్తే స్టార్ నుంచి డెల్టాకు మారే క్షణంలో అది చార్జుతోనే మళ్లీ లైనుకు తగులుతుంది, కాంటాక్టు మొనలు కాలిపోతాయి. అందువల్ల దానికి సొంత కాంటాక్టర్ ఇచ్చి, స్టార్టర్‌కు వచ్చే లైను మీద ఓవర్‌లోడ్ రిలేకు ముందు కలిపి, డెల్టా కాంటాక్టర్ పడ్డాకే అది పడేలా వైరింగు చేయాలి. అలా చేస్తే ఓవర్‌లోడ్ రిలే మోటారు పూర్తి కరెంటునే చూస్తుంది. రిలే తర్వాత కలిపితే తగ్గిన కరెంటు చూస్తుంది కాబట్టి దాని సెట్టింగును కూడా తగ్గించాలి. అది మరచిపోతే మోటారు ఓవర్‌లోడ్ అయినా రిలే తెగదు. విడి కాంటాక్టర్ ఉంది కదా అని 90 శాతం హద్దును వదిలేయడం నాకు సమ్మతం కాదు. లైను పోయిన క్షణంలో, తిరుగుతున్న మోటారు పుట్టించే వోల్టేజీ మీదే కాంటాక్టర్లు కొంతసేపు పట్టుకుని ఉండగలవు.

మిగిలిన 20 కేవీఏఆర్‌ను 5, 5, 10గా విడదీసి, పవర్ ఫ్యాక్టర్‌ను తనంతట తానే సరిచేసే ఏపీఎఫ్‌సీ రిలేతో నడిపిస్తే చిన్న మోటార్ల రాకపోకలకు తగ్గట్టు అది కలుపుతూ తీస్తూ ఉంటుంది. కరెంటును కొలిచి ఈ రిలేకు సమాచారం ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే సీటీ, ఎక్కడుందన్నది కీలకం. లోడు కరెంటూ కెపాసిటర్ కరెంటూ రెండూ దాని గుండా పోవాలి, అంటే మెయిన్ ఇన్‌కమర్ మీద ఉండాలి. లోడు వైపు పెడితే, ఎన్ని మెట్లు కలిపినా రిలేకు పవర్ ఫ్యాక్టర్ పాతదే కనిపిస్తుంది. అన్నీ కలిపేసి అలాగే ఉండిపోతుంది. తీసిన మెట్టును మళ్లీ కలిపే ముందు దాని చార్జు దిగడానికి ఒక నిమిషమైనా విరామం ఇచ్చేలా రిలేను అమర్చాలి. ప్యానెల్ తెరిచేవారికీ ఇదే వర్తిస్తుంది: స్విచ్ తీశాక డిశ్చార్జి రెసిస్టర్లు పని పూర్తి చేసేదాకా ఆగి, వోల్టేజీ లేదని మీటరుతో చూసుకున్నాకే చేయి పెట్టాలి.

రాత్రి మిల్లు ఆగి 2 కిలోవాట్ల దీపాలే వెలుగుతున్నప్పుడు 35 కేవీఏఆర్ కలిసే ఉంటే, సరఫరా నుంచి లాగేది 30 కేవీఏకు పైగా అవుతుంది, పవర్ ఫ్యాక్టర్ 0.06 లీడ్. మీటరు లాగ్‌ను మాత్రమే లెక్కించేదైతే బిల్లులో తెలియదు. లాగ్, లీడ్ రెండూ లెక్కించేదైతే 2 యూనిట్లు కాలిన గంటకు 30 యూనిట్లు పడతాయి. ఏ రకం మీటరో ముందే కనుక్కోవాలి.

డ్రైవ్ ఉన్న మిల్లు

ఇప్పటిదాకా చెప్పిన లెక్క సైన్ తరంగానికి సంబంధించినది. బ్లోయరుకు వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్ పెట్టారంటే కథ మారుతుంది. మామూలు ఆరు పల్సుల డ్రైవ్ 5వ, 7వ హార్మోనిక్ కరెంట్లను, అంటే 250, 350 హెర్ట్జ్ కరెంట్లను లైనులోకి వదులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇండక్టెన్సూ మన కెపాసిటరూ కలిసి ఒకానొక ఫ్రీక్వెన్సీ దగ్గర రెసొనెన్సుకు వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ 4.5 శాతమైతే షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 63ను 0.045తో భాగించగా 1400 కేవీఏ. దాన్ని 31.1తో భాగించి వర్గమూలం తీస్తే 6.7 వస్తుంది. ఇది 7కు ప్రమాదకరమైనంత దగ్గర. అప్పుడు 7వ హార్మోనిక్ కరెంటు కెపాసిటర్లలో పలు రెట్లు పెరగవచ్చు. ఇలాంటి చోట కెపాసిటర్‌కు వరుసలో 7 శాతం డీట్యూనింగ్ రియాక్టర్ పెడితే దాని సొంత రెసొనెన్సు 189 హెర్ట్జ్‌కు, అంటే 5వ హార్మోనిక్ కంటే కిందికి జరుగుతుంది. కానీ రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజీ 415 నుంచి 446కు పెరుగుతుంది కాబట్టి 440 వోల్టులది పనికిరాదు. 480 లేదా 525 వోల్టులది తీసుకుని, కేవీఏఆర్ లెక్కను ఆ రేటింగుతో మళ్లీ చేయాలి.

పెట్టాక చూడవలసినవి

బిగించిన రోజునే ప్రతి కెపాసిటర్ మూడు ఫేజుల కరెంటునూ, ఆ సమయపు వోల్టేజీనీ రాసి పెట్టుకోవాలి. 440 వోల్టుల 15 కేవీఏఆర్ కెపాసిటర్ 415 దగ్గర 18.6 ఆంపియర్లు, 10 కేవీఏఆర్‌ది 12.4 ఆంపియర్లు చూపాలి. తర్వాతి నెలల్లో అదే వోల్టేజీ దగ్గర 18.6 కాస్తా 12కు తగ్గితే మూడో వంతు కెపాసిటెన్స్ పోయినట్టే. ఇప్పటి కెపాసిటర్లలో ఫిల్ము చిల్లు పడిన చోట లోహపు పూత ఆవిరై తనంతట తానే మాన్పుకుంటుంది. అలా మాన్పుకున్న ప్రతిసారీ కొంత వైశాల్యం పోతుంది కాబట్టి ఇది చప్పుడు లేకుండా జరిగే తరుగుదల. ఒక ఫేజు మిగతా రెండింటితో సరిపోలకపోతే లోపలి సెల్లు గానీ, ఫ్యూజు గానీ, కాంటాక్టర్ మొన గానీ పోయి ఉంటుంది. దీనికి భిన్నంగా కరెంటు లెక్క కంటే ఎక్కువగా ఉండి, వోల్టేజీ మామూలుగానే ఉంటే హార్మోనిక్‌లను అనుమానించాలి. ఐఈసీ ప్రమాణం ప్రకారం కెపాసిటర్ ఎడతెగకుండా తట్టుకోవలసినది రేటెడ్ కరెంటుకు 1.3 రెట్లు. 15 కేవీఏఆర్ దానికి రేటెడ్ కరెంటు 19.7 ఆంపియర్లు కనుక, హద్దు 25.6. దాన్ని దాటుతున్నా, డబ్బా పైభాగం ఉబ్బినట్టు కనిపించినా, ఆ కెపాసిటర్‌ను లైను నుంచి తీసేయాలి. కారణం తెలిసేదాకా అదే చోట కొత్తది బిగించకూడదు.